పాక్షిక భిన్నాల జవాబు సరైందో కాదో తేల్చుకోవడం ఎలా: మళ్లీ కలిపి లవాలు పోల్చే పద్ధతి

కావలి, ఒంగోలు వైపు ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు, డిప్లొమా పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "A, B, C విలువలు వచ్చేశాయి సార్. పుస్తకం వెనక జవాబు చూడకుండా అవి కరెక్టో కాదో ఎట్లా తెలుస్తుంది?" పరీక్ష హాల్లో వెనక పేజీలు ఉండవు కాబట్టి అడగాల్సిన ప్రశ్నే.

విడగొట్టిన భిన్నాలను మళ్లీ కలపాలి. వచ్చిన లవాన్ని ప్రశ్నలోని లవంతో కొన్ని x విలువల దగ్గర పోల్చాలి. పద్ధతి ఇంతే. చిక్కంతా ఆ విలువల ఎంపికలో ఉంది. తప్పు విలువలు ఎంచుకుంటే తప్పు జవాబు కూడా సరైనదానిలాగే కనబడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

A, B, C ఎలా కనుక్కోవాలో ఇక్కడ చెప్పడం లేదు. అవి మీకు వచ్చేశాయి, ఇక సరిచూసుకోవాలి అనే దగ్గర నుంచి మొదలుపెడదాం.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

రఫ్ పేజీలో కొత్తగా ఒక మూల తీసుకోండి. లెక్క చేసిన చోటే పక్కన ఇరికించి సరిచూస్తే, కన్ను పాత వరుసల మీదికి పోయి పాత తప్పునే మళ్లీ రాస్తుంది.

- ప్రశ్నలోని లవాన్ని ప్రశ్నపత్రం నుంచే తిరిగి రాయండి. మీ లెక్కలో రెండో వరుస నుంచి కాదు. ఎక్కించేటప్పుడు 7x ని 1x గా రాసి ఉంటే, ఆ తప్పు ఇక్కడే బయటపడాలి.
- మీ చివరి జవాబును గుర్తులతో సహా రాయండి.
- హారంలోని కారణాంకాలు, ప్రతిదాని ఘాతం పక్కనే వేసుకోండి.
- హారాన్ని సున్నా చేసే x విలువలు ఏవో రాసి వాటికి సున్నా చుట్టండి. వాటిని ఇకపై మూల విలువలు అంటాను.

ఈ వ్యాసమంతా మనకు తోడుండే లెక్క ఇది:

```
5x² + 7x + 6
―――――――――――――――
(x − 1)(x + 2)²
```

మూల విలువలు 1, −2.

## 2. ముందు హారం, తర్వాతే లవం

లవాలు పోల్చడానికి ఒక షరతు ఉంది. రెండు వైపులా హారం ఒకటే అయి ఉండాలి. ప్రశ్నలో హారం విడగొట్టి ఇచ్చి ఉంటే ఈ మెట్టు దాటేయండి. x³ + 3x² − 4 అని ఇచ్చి, దాన్ని మీరే (x − 1)(x + 2)² గా విడగొట్టి ఉంటే మాత్రం దాటేయకండి.

x = 0 వేస్తే అసలు హారం −4. విడగొట్టిన రూపం (−1)(4) = −4. x = 2 వేస్తే అసలు హారం 8 + 12 − 4 = 16. విడగొట్టిన రూపం (1)(16) = 16. ఇవి సరిపోయాయంటే నమ్మకం కుదురుతుంది, కానీ రెండు విలువలతో పూర్తి రుజువు కాదు. సమయం ఉంటే ఒకసారి గుణించి చూడటమే మేలు, మూడు కారణాంకాలే కదా.

హారం తప్పుగా విడగొట్టాక A, B, C ఎంత శ్రద్ధగా కనుక్కున్నా ఉపయోగం లేదు. పైగా కింది మెట్లన్నీ "సరిపోయింది" అనే చెబుతాయి, ఎందుకంటే అవి లవాన్ని మాత్రమే చూస్తాయి.

## 3. భిన్నాలను మళ్లీ కలపడం

మన జవాబు రూపం ఇది:

```
A/(x − 1) + B/(x + 2) + C/(x + 2)²
```

ఉమ్మడి హారం క.సా.గు. మాత్రమే, అంటే (x − 1)(x + 2)². మూడు హారాలనూ గుడ్డిగా గుణించేస్తే (x + 2)³ వస్తుంది. అప్పుడు లవంలో ఒక (x + 2) అదనంగా చేరి, సరైన జవాబు కూడా తప్పులా కనబడుతుంది.

ఒక్కో భిన్నానికి ఒకే ప్రశ్న వేసుకోండి: ఉమ్మడి హారంలో దీని దగ్గర లేనిది ఏది? ఆ లేనిదే దాని లవానికి గుణకం.

- A దగ్గర (x + 2)² లేదు. కాబట్టి A(x + 2)².
- B దగ్గర (x − 1) లేదు, ఒక (x + 2) కూడా లేదు. కాబట్టి B(x − 1)(x + 2).
- C దగ్గర (x − 1) మాత్రమే లేదు. కాబట్టి C(x − 1).

మళ్లీ కలిపిన లవం:

```
A(x + 2)² + B(x − 1)(x + 2) + C(x − 1)
```

దీన్ని విస్తరించకండి. ఇలాగే ఉంచండి. విస్తరించి x², x, స్థిరపదం గుణకాలు పోల్చినా పూర్తి సరిచూపే అవుతుంది, అందులో తప్పేమీ లేదు. కానీ A, B, C కనుక్కునేటప్పుడు మీరు చేసింది కూడా దాదాపు అదే విస్తరణ. గుర్తు పొరపాటు అక్కడే జరిగి ఉంటే, అదే చేయి అదే పొరపాటును మళ్లీ చేసే ప్రమాదం ఎక్కువ. విలువ వేసి చూడటం వేరే దారి, అందుకే నేను దాన్నే ఇష్టపడతాను.

## 4. ఏ విలువలు వేయాలి, ఎన్ని వేయాలి

ఎన్ని అన్నది ముందు చూద్దాం. మన రెండు లవాలూ 2వ పరిమాణం దాటని బహుపదులు. ఒకదాని నుంచి ఇంకొకటి తీసేస్తే వచ్చే తేడా కూడా అంతే. 2వ పరిమాణం దాటని బహుపది మూడు వేర్వేరు చోట్ల సున్నా కావాలంటే అది అంతటా సున్నానే అయి ఉండాలి. కాబట్టి మూడు వేర్వేరు x విలువల దగ్గర రెండు లవాలూ సరిపోతే, అవి అన్నిచోట్లా ఒకటే. అది అంచనా కాదు, రుజువు.

గుర్తుపెట్టుకోవడానికి సులువైన లెక్క: క్రమ భిన్నమైతే హారం పరిమాణం ఎంతో అన్ని వేర్వేరు విలువలు చాలు. కనుక్కున్న స్థిరరాశుల సంఖ్య కూడా అదే అవుతుంది. A, B, C మూడు ఉంటే మూడు విలువలు.

ఇక ఏవి అన్నది. మూల విలువలు వేయడం తేలిక, ఎందుకంటే చాలా పదాలు మాయమైపోతాయి. x = 1 వేస్తే A ఒక్కటే మిగులుతుంది. x = −2 వేస్తే C ఒక్కటే మిగులుతుంది. ఈ సౌకర్యంలోనే ప్రమాదం ఉంది. ఆ రెండు చోట్లా B అసలు పరీక్షకు రాదు. B స్థానంలో 3 ఉన్నా 300 ఉన్నా x = 1 దగ్గర, x = −2 దగ్గర జవాబు మారదు.

కాబట్టి మూల విలువలు రెండూ వేసి, వాటికి తోడు మూలం కాని కొత్త విలువ ఒకటి తప్పనిసరిగా వేయాలి. 0, 2, −1 లాంటి చిన్న పూర్ణాంకాలు చాలు. మీరు B కనుక్కోవడానికి x = 0 వాడి ఉంటే, సరిచూడటానికి 0 వాడకండి. 2 గానీ −1 గానీ తీసుకోండి. కనుక్కున్న చోటే మళ్లీ చూసుకోవడమంటే, బస్తా నింపినవాడే పై గుప్పెడు తీసి "వడ్లు బాగున్నాయి" అనడం లాంటిది.

కొత్త విలువ ఒక్కటే వేసి మూలాలు వదిలేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. ఒకే స్థిరరాశి తప్పయితే చాలు. ఈ లెక్కలో మూలం కాని ఏ విలువ దగ్గరైనా A, B, C మూడింటి గుణకాలూ సున్నా కావు కాబట్టి ఆ ఒక్క తప్పు బయటపడుతుంది. రెండు తప్పులుంటే మాత్రం అవి ఒకదాన్నొకటి కప్పేసుకోవచ్చు. ఈ జవాబు చూడండి:

```
2/(x − 1) + 4/(x + 2) − 8/(x + 2)²
```

x = 2 వేస్తే కలిపిన లవం 2(16) + 4(1)(4) − 8(1) = 32 + 16 − 8 = 40. ప్రశ్నలోని లవం 5(4) + 7(2) + 6 = 40. చక్కగా సరిపోయింది, కానీ ఈ జవాబు తప్పు. x = −2 వేయగానే బండారం బయటపడుతుంది. ప్రశ్న లవం 20 − 14 + 6 = 12, కలిపిన లవం −8(−3) = 24.

మూలాలు, కొత్త విలువ రెండూ కావాలి అనడానికి కారణం ఇదే. ఏ ఒక్కటీ రెండోదాని పని చేయదు.

## 5. ఒక తప్పు జవాబును మొదటి నుంచి చివరిదాకా సరిచూద్దాం

ఒక అమ్మాయి ఇదే లెక్క చేసి తెచ్చిన జవాబు:

```
2/(x − 1) − 1/(x + 2) − 4/(x + 2)²
```

అంటే A = 2, B = −1, C = −4. "రెండు చోట్లా వేసి చూశాను సార్, సరిపోయింది గదా, ఇంకేంది తప్పు?" అని అడిగింది. ఆ అమ్మాయి వేసిన రెండు చోట్లూ మూల విలువలే.

మొదటి విలువ, x = 1. ప్రశ్న లవం: 5 + 7 + 6 = 18. కలిపిన లవం: 2(3)² = 18. సరిపోయింది.

రెండో విలువ, x = −2. ప్రశ్న లవం: 5(4) + 7(−2) + 6 = 20 − 14 + 6 = 12. కలిపిన లవం: −4(−3) = 12. సరిపోయింది.

ఇక్కడ ఆగిపోతే ఆ తప్పు జవాబే పేపర్లో ఉండిపోతుంది. ఇంతవరకు తేలింది A, C సరైనవని మాత్రమే.

మూడో విలువ, x = 2. ముందు ప్రశ్న లవం లెక్కకట్టి రాసేయండి: 5(4) + 7(2) + 6 = 40. ఆ తర్వాతే కలిపిన లవం వైపు వెళ్లండి:

```
A(x + 2)²        =  2 × 16     =  32
B(x − 1)(x + 2)  = −1 × 1 × 4  =  −4
C(x − 1)         = −4 × 1      =  −4
                        మొత్తం =  24
```

40 రావాల్సిన చోట 24 వచ్చింది. జవాబు తప్పు.

పదాలను ఇలా ఒకదాని కింద ఒకటి, ఒక్కో పదానికి ఒక్కో వరుస చొప్పున రాయండి. ఒకే వరుసలో 32 − 4 − 4 అని పరుగులో రాస్తే, తేడా వచ్చినప్పుడు ఏ పదం నుంచి వచ్చిందో మళ్లీ వెతుక్కోవాలి.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా చూద్దాం. ఆమె B కోసం x = 0 వేసింది. అప్పుడు రావాల్సింది 6 = 4A − 2B − C. ఆమె పేపర్లో 6 = 4A − 2B + C అని ఉంది. C(x − 1) లో x = 0 వేస్తే −C అవుతుంది, ఆ మైనస్ జారిపోయింది. 8 − 2B − 4 = 6 నుంచి B = −1 వచ్చింది. సరైన సమీకరణం 8 − 2B + 4 = 6, దాని నుంచి B = 3.

ఈ మైనస్ జారడం నేను చూసే పొరపాట్లలో అన్నిటికంటే మామూలైనది. C విలువే ఋణ సంఖ్య కావడంతో "ముందే మైనస్ ఉంది కదా" అని మనసు రెండో మైనస్‌ను వదిలేస్తుంది.

## 6. తేడా చూసి సరైన విలువ రాబట్టడం

తేడా వచ్చిందని లెక్క మొత్తం కొట్టేసి మొదటి నుంచి చేయనక్కర్లేదు. తేడాలోనే సమాధానం ఉంది.

మూల విలువల దగ్గర A, C సరిపోయాయి కాబట్టి అనుమానం B ఒక్కదాని మీదే. x = 2 దగ్గర B గుణకం (x − 1)(x + 2) = 4. కలిపిన లవంలోంచి ప్రశ్న లవం తీసేస్తే 24 − 40 = −16. ఆ −16 మొత్తం B లోని తప్పు వల్లే వచ్చింది.

```
B లో తప్పు  = −16 ÷ 4    = −4
సరైన B     = −1 − (−4)  =  3
```

ఇప్పుడు కొత్త జవాబు 2/(x − 1) + 3/(x + 2) − 4/(x + 2)². దీన్ని x = 2 దగ్గరే మళ్లీ చూస్తే 32 + 12 − 4 = 40 వస్తుంది. వచ్చి తీరుతుంది, ఎందుకంటే B ని అక్కడి నుంచే తెచ్చాం. అందుకే ఇంకో కొత్త చోట, x = −1 దగ్గర చూడాలి. ప్రశ్న లవం 5 − 7 + 6 = 4. కలిపిన లవం 2(1) + 3(−2)(1) − 4(−2) = 2 − 6 + 8 = 4. ఇక ఈ జవాబును ధైర్యంగా పేపర్ మీద పెట్టొచ్చు.

ఈ సవరణ వాడే ముందు ఒక హద్దు గుర్తుంచుకోండి. అనుమానం ఒకే స్థిరరాశి మీద ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. మూల విలువ దగ్గరే తేడా వచ్చిందనుకోండి, ముందు దాన్ని అదే పద్ధతిలో సరిచేయండి. ఉదాహరణకు x = 1 దగ్గర తేడా వస్తే తప్పు A లోనే, ఆ తేడాను 9 తో భాగించాలి. x = −2 దగ్గర వస్తే తప్పు C లోనే, −3 తో భాగించాలి. A, C నిలబడ్డాకే B జోలికి వెళ్లండి.

ఇంకో సంగతి. భాగిస్తే వింత భిన్నం వచ్చిందంటే, ఉదాహరణకు 7/4 లాంటిది, వెంటనే నమ్మకండి. స్థిరరాశులు భిన్నాలు కాకూడదని నియమమేమీ లేదు. అయినా అలాంటప్పుడు ముందు సరిచూపు లెక్కలోనే కూడికలు, తీసివేతలు మరోసారి చూడండి.

## 7. హారంలో విడిపోని వర్గ బహుపది ఉంటే

హారంలో x² + 4 లాంటిది ఉంటే మూల విలువలు తగ్గిపోతాయి, ఎందుకంటే దాన్ని సున్నా చేసే వాస్తవ సంఖ్య లేదు. ఈ లెక్క తీసుకోండి:

```
(5x² − 7x + 17) / ((x − 1)(x² + 4))
```

ఎవరో ఇచ్చిన జవాబు A = 3, B = −2, C = −5. అంటే 3/(x − 1) + (−2x − 5)/(x² + 4). కలిపిన లవం A(x² + 4) + (Bx + C)(x − 1).

మూల విలువ ఒక్కటే, x = 1. అక్కడ ప్రశ్న లవం 15, కలిపిన లవం 3 × 5 = 15. సరిపోయింది.

తేలిక కదా అని చాలామంది తర్వాత వేసేది x = 0. ప్రశ్న లవం 17, కలిపిన లవం 3(4) + (−5)(−1) = 17. ఇదీ సరిపోయింది. మూలం కాని కొత్త విలువ కూడా వేశాం కాబట్టి అయిపోయిందనిపిస్తుంది.

అవ్వలేదు. x = 0 దగ్గర Bx సున్నా అయిపోతుంది, అంటే B ఇక్కడా పరీక్షకు రాలేదు. నాలుగో మెట్టులో చెప్పిన "హారం పరిమాణమంత లెక్క" ఇక్కడ కాపాడుతుంది. పరిమాణం 3 కాబట్టి మూడు విలువలు కావాలి, మనం రెండే వేశాం.

x = 2 వేద్దాం. ప్రశ్న లవం 20 − 14 + 17 = 23. కలిపిన లవం 3(8) + (−4 − 5)(1) = 24 − 9 = 15. తేడా −8. B గుణకం x(x − 1) = 2. తప్పు −8 ÷ 2 = −4, కాబట్టి సరైన B = 2. జవాబు 3/(x − 1) + (2x − 5)/(x² + 4). x = −1 దగ్గర చూస్తే ప్రశ్న లవం 5 + 7 + 17 = 29, కలిపిన లవం 15 + (−7)(−2) = 29.

వర్గ కారణాంకం ఉన్న లెక్కలకు నేను చెప్పే వరుస ఇది: ముందు మూల విలువ, అది A ని తేలుస్తుంది. తర్వాత 0, అది C ని తేలుస్తుంది. ఆ తర్వాత మూలం కాని, సున్నా కాని ఇంకో విలువ, అది B ని తేలుస్తుంది. ఈ వరుసలో వెళితే ఎక్కడ తేడా వస్తే అక్కడే దోషి దొరుకుతుంది. మూల విలువే 0 అయితే, అంటే హారంలో x ఒక కారణాంకమైతే, B, C ల కోసం వేరే రెండు విలువలు తీసుకోవాలి. 1, −1 సరిపోతాయి.

## 8. రూపమే తప్పయితే

ఇంతవరకు రూపం సరిగ్గా ఉండి అంకె తప్పిన సందర్భాలు చూశాం. ఒక్కోసారి ఒక పదమే ఉండదు. మూల విలువలతో మాత్రమే సరిచూసేవాళ్లకు ఇవి ఎప్పటికీ దొరకవు.

భాగఫలం వదిలేయడం. (2x² + 5x − 4)/((x − 1)(x + 2)) అపక్రమ భిన్నం, లవం పరిమాణం హారంతో సమానం. ముందు భాగించాలి. భాగించకుండా నేరుగా విడగొట్టినవాళ్లకు 1/(x − 1) + 2/(x + 2) వస్తుంది. కలిపితే లవం (x + 2) + 2(x − 1) = 3x. x = 1 దగ్గర ప్రశ్న లవం 3, ఇదీ 3. x = −2 దగ్గర ప్రశ్న లవం 8 − 10 − 4 = −6, ఇదీ −6. రెండు మూలాలూ సరిపోయాయి! x = 0 దగ్గర మాత్రం ప్రశ్న లవం −4, ఇది 0.

సరైన జవాబు 2 + 1/(x − 1) + 2/(x + 2). దీన్ని మళ్లీ కలిపేటప్పుడు ఆ 2 ని మొత్తం హారంతో గుణించాలి: 2(x − 1)(x + 2) + (x + 2) + 2(x − 1). x = 0 వేస్తే −4 + 2 − 2 = −4. అపక్రమ భిన్నానికి కావాల్సిన విలువల సంఖ్య లవం పరిమాణం కంటే ఒకటి ఎక్కువ. ఇక్కడ 2 + 1 = 3.

పునరావృత కారణాంకానికి ఒక పదం వదిలేయడం. మన మొదటి లెక్కలోనే (x + 2)² ఉన్నందుకు C/(x + 2)² మాత్రమే రాసి, B/(x + 2) వదిలేశారనుకోండి. 2/(x − 1) − 4/(x + 2)² వస్తుంది. ఇది కూడా 1 దగ్గర, −2 దగ్గర సరిపోతుంది. x = 0 దగ్గర ప్రశ్న లవం 6, కలిపిన లవం 8 + 4 = 12. తేడా 6. B గుణకం (−1)(2) = −2. తప్పు −3, అంటే 0 ఉన్న చోట 3 ఉండాలి. వదిలేసిన పదం 3/(x + 2) తేడాలోంచే బయటికి వచ్చింది.

## 9. సరిచూపులోనే జరిగే పొరపాట్లు

జవాబు కరెక్టే అయినా సరిచూపు తప్పు చేసి, మంచి జవాబును కొట్టేసిన పేపర్లు కూడా చూశాను. తేడా వచ్చినప్పుడు పెన్ను జవాబు మీదికి వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

- ఋణ విలువను బ్రాకెట్‌లో వేశారా? 5(−2)² అంటే 20. బ్రాకెట్ లేకుండా 5 × −2² అని రాసుకుంటే చేతికి −20 వస్తుంది.
- (x + 2)² కి బదులు x² + 4 అని రాశారా? x = 0 దగ్గర రెండూ 4 కాబట్టి అక్కడ తెలియదు, x = 2 దగ్గర 16 కి బదులు 8 వస్తుంది.
- ఉమ్మడి హారం క.సా.గు. యేనా?
- హారంలో 2x − 1 లాంటిది ఉంటే దాన్ని x − ½ గా మార్చి, ఆ 2 ని ఎక్కడో పోగొట్టారా? అలా జరిగితే కలిపిన లవం ప్రతి విలువ దగ్గరా ఒకే నిష్పత్తిలో తేడాగా ఉంటుంది, సరిగ్గా రెట్టింపో సగమో. ఆ గుర్తు కనబడితే A, B లను అనుమానించకుండా ముందు హారం చూడండి.
- ప్రశ్న లవాన్ని ముందుగా లెక్కకట్టి రాశారా, లేక కలిపిన లవం విలువ తెలిశాక దానికి సరిపోయేలా లాక్కొచ్చారా? టెన్షన్‌లో చేయి తెలియకుండానే ఆ పని చేస్తుంది.

లవాలు పోల్చకుండా భిన్నాల్లోనే నేరుగా విలువ వేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. వేయొచ్చు. x = 2 వేస్తే ప్రశ్న 40/16 = 2.5, జవాబు 2 + 0.75 − 0.25 = 2.5. కాకపోతే మూల విలువలు అక్కడ వేయలేం, హారం సున్నా అవుతుంది. మామూలు విలువల దగ్గర కూడా భిన్నాలు మీద పడతాయి. మన లెక్కల్లోలా అన్నీ పూర్ణాంకాలైతే లవాల దగ్గర భిన్నాల గొడవే ఉండదు.

## 10. మీరే సరిచూడండి

కింద మూడు జవాబులున్నాయి. అన్నీ సరైనవి కావు. కింద ఇచ్చిన ఫలితం చూసే ముందు కాగితం మీద చేయండి.

```
(క) (7x + 1)/((x − 1)(x + 3))  =  2/(x − 1) + 5/(x + 3)

(ఖ) (3x² + 7x + 1)/(x(x + 1)²)  =  1/x + 5/(x + 1) + 3/(x + 1)²

(గ) (5x² + 2x + 1)/((x + 1)(x² + 1))  =  2/(x + 1) + (3x + 1)/(x² + 1)
```

(క) హారం పరిమాణం 2, కాబట్టి రెండు విలువలు చాలు. x = 1 దగ్గర 8, 8. x = −3 దగ్గర −20, −20. సరైనదే. కారణాంకాలన్నీ వేర్వేరు, ఏదీ పునరావృతం కాదు, భిన్నం క్రమ భిన్నం. ఇలాంటప్పుడు మూల విలువలు మాత్రమే వేసినా పూర్తి రుజువే. అయితే A, B ని కనుక్కున్నది వాటితోనే కాబట్టి x = 0 కూడా వేయండి: 1, 6 − 5 = 1.

(ఖ) x = 0 దగ్గర 1, 1. x = −1 దగ్గర −3, −3. x = 1 దగ్గర ప్రశ్న లవం 11, కలిపిన లవం 4 + 5(1)(2) + 3(1) = 17. తేడా 6, B గుణకం 2, తప్పు 3. B = 5 కాదు, 2.

(గ) x = −1 దగ్గర 4, 4. x = 0 దగ్గర ప్రశ్న లవం 1, కలిపిన లవం 2 + 1 = 3. తేడా 2, C గుణకం 1. C = 1 కాదు, −1. సరిచేశాక x = 1 దగ్గర ప్రశ్న లవం 8, కలిపిన లవం 2(2) + (3 − 1)(2) = 8.